ఫత్వా వేరు, హుకుం వేరు

మూడేళ్ళ కింద ఒకే ఒక్క మాట నా ఉద్యోగం ఊడగొట్టింది. ఊడగొట్టింది అనడం కూడా తప్పే, ఉన్నదాన్ని కదా ఊడగొడతారు. నోటిదాకా వచ్చిన దాన్ని దక్కకుండా చేసింది. ఆ మాట ఫత్వా.

సూరత్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెప్తాను. అప్పటికి నాది పర్మనెంటు కొలువు కాదు. ఏడాదికోసారి కాగితం చేతిలో పెడితే ఆ ఏడాది క్లాసులు నావి, పెట్టకపోతే ఇంట్లో కూర్చోవడమే. మా బాపు సూరత్ పక్కనున్న జోల్వాలో మరమగ్గాల కార్ఖానాలో నేతపని చేస్తాడు. ముప్పై ఏళ్ళ కింద తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో లింబాయత్ అనే పేటలో దిగాడు. మా గల్లీలో మగ్గాల చప్పుడుకు అలవాటు పడ్డ చెవులు మావి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. అట్లాంటి ఇంటినుంచి ఒక ఆడపిల్ల కాలేజీలో పర్మనెంటు లెక్చరరు కావడమంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కరలేదు.

ఆ మొదటి ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. అందులో ఒకాయన రిటైరైన పెద్ద ప్రొఫెసరు, తెల్ల మీసాలు, మధ్యయుగ చరిత్రలో పండిపోయిన మనిషి. ఇస్లాం రాజ్యాల్లో చట్టం ఎవరి చేతిలో ఉండేదని అడిగాడు. నాకు మధ్యయుగం అంతంత మాత్రమే, నా చదువంతా ఆధునిక చరిత్ర. అయినా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఖలీఫా ఫత్వా జారీ చేసేవాడు, రాష్ట్రాల్లో గవర్నర్లు దాన్ని అమలు చేసేవాళ్ళు అని.

పెద్దాయన పెన్ను బల్లమీద పెట్టాడు. నవ్వాడు. కోపంగా చూసినా బాగుండేది.

"ఫత్వా జారీ కావడం పేపర్లలోనే బేటీ," అన్నాడు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

బయటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద. ఆ మాట నేను ఎక్కడ నేర్చుకున్నాను? తెలుగు పేపర్లలో. ఫలానా నాయకుడు కార్యకర్తలకు ఫత్వా జారీ చేశాడు, ఫలానా అధికారి సెలవులు రద్దంటూ ఫత్వా ఇచ్చాడు అని రాస్తారు కదా. ఇంకా చెప్పాలంటే మా ఇంట్లో నేర్చుకున్నాను. మా అమ్మ ఏం చెప్పినా బాపు, "మీ అమ్మ ఫత్వా జారీ చేసింది, ఇగ టీవీ బందు," అనేవాడు. మా ఇంట్లో ఫత్వా అంటే తిరుగులేని ఆజ్ఞ. ఇంటి తెలుగును పట్టుకుపోయి ప్రొఫెసర్ల ముందు పరిచాను, అంతే.

ఆ ఏడు తగినవాళ్ళు ఎవరూ దొరకలేదని పోస్టును ఖాళీగానే ఉంచారు. మళ్ళీ ప్రకటన వస్తుందని తెలుసు. వచ్చినప్పుడు ఇంకెవరైనా ఎక్కితే నేను చెప్పుకుంటున్న క్లాసులు కూడా వాళ్ళకే పోతాయి. అంటే ఈసారి ఓడితే ఉద్యోగం రాకపోవడం ఒక్కటే కాదు, ఉన్నది కూడా పోతుంది. అమ్మ చీరలకు మెరిసే రాళ్ళు అంటించే పని చేస్తుంది. తన పక్కన నాకోసం ఒక పీట ఖాళీగానే ఉందని ఎప్పుడూ వేళాకోళం చేసేది. ఆ ఏడాది మాత్రం ఆ మాట ఎత్తలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చదవడం మొదలుపెట్టాను. పుస్తకాలు ఒక పక్క, మా గల్లీ ఒక పక్క.

ఫత్వా సంగతి నాకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు, మా పక్కింటి చాచీ వల్ల. చాచీకి షుగరు ముదిరింది. రంజాన్ ఉపవాసాలు చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెయ్యకపోతే పాపమేమోనని ఆమె బెంగ. ఒక ముఫ్తీ సాబ్ దగ్గరికి పోతూ తోడు రమ్మంది. ముఫ్తీ అంటే మతధర్మం చదువుకుని, అడిగినవాళ్ళకు జవాబు చెప్పే పండితుడు. నేను లోపల ఎగిరి గంతేసి వెళ్ళాను. ఎట్లా జారీ చేస్తాడో చూద్దామని.

ఆయన జారీ చెయ్యలేదు. చాచీ ప్రశ్నను ఒక కాగితం మీద రాయించుకున్నాడు, అందులో ఆమె పేరు కూడా లేదు, ఒక స్త్రీకి ఇట్లాంటి జబ్బు ఉంటే అని రాశారు. కింద జవాబు రాశాడు. తగ్గే జబ్బయితే తగ్గాక ఆ రోజులు తీర్చుకోవాలి, తగ్గే ఆశ లేదని నమ్మకమైన డాక్టరు చెప్తే రోజుకొక పేదవాడికి అన్నం పెట్టాలి, పాపం లేదు. చివర, అసలు నిజం దేవుడికే తెలుసు అని ఒక మాట. అంతే ఫత్వా! నేను ఆగలేక అడిగేశాను, ఈమె దీన్ని వినకపోతే మీరేం చేస్తారని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏం చేస్తాను, ఇది హుకుం కాదమ్మా, అడిగిందానికి జవాబు, నచ్చకపోతే నాకంటే చదువుకున్న ఇంకొకాయన్ని అడగొచ్చు అన్నాడు. హుకుం ఇచ్చేది తీర్పు చెప్పే ఖాజీ, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేది రాజు, నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు, జనం వచ్చి అడుగుతారు కాబట్టి ముఫ్తీని అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చాచీ ప్రాణం తేలికపడి నవ్వుతోంది. నేను మాత్రం నా మొదటి ఇంటర్వ్యూలో చెప్పిన ఒక్క వాక్యంలో ఎన్ని తప్పులున్నాయో లెక్కపెట్టుకుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత పుస్తకాలు అర్థం కావడం మొదలైంది. తొలి ఖలీఫాలు, అంటే ప్రవక్త తర్వాత రాజ్యాన్ని ఏలినవాళ్ళు, మదీనాలో కూర్చుని అంత పెద్ద రాజ్యాన్ని ఎట్లా నడిపారన్నది నా మొదటి ప్రశ్న. గెలిచిన సైనికుల్ని ఊళ్ళమీద పడనివ్వలేదు. కూఫా, బస్రా, ఫుస్తాత్ లాంటి దండు పట్నాలు కట్టి అక్కడే ఉంచారు. ఇరాక్ నేలను సైనికులకు పంచమని ఒత్తిడి వచ్చినా రెండో ఖలీఫా పంచలేదు. సేద్యం చేసేవాళ్ళ చేతిలోనే ఉంచి కొలిపించి ఖరాజు అనే భూమిశిస్తు వేశాడు. సైనికుల పేర్లు దివాన్ అనే పట్టికలో ఎక్కించి, ఎవరు ముందు ఇస్లాంలోకి వచ్చారో చూసి ఆ వరసన భత్యం ఇచ్చాడు. పాత గుమాస్తాలను కూడా కదిలించలేదు. ఇరాక్‌లో పారసీలో, సిరియాలో గ్రీకులో వాళ్ళ రాతకోతలు అట్లాగే సాగాయి. శిస్తు పుస్తకాలు అరబ్బీలోకి మారింది రెండు తరాల తర్వాతే. మన దివాణం, అమలు, వసూలు, జిల్లా అన్నీ ఆ అరబ్బీ, పారసీ కచేరీల నుంచి నడుచుకుంటూ వచ్చిన మాటలే. మా తాత పోలీసు ఎస్సైని చచ్చేదాకా అమీన్ సాబ్ అనే అన్నాడు. అమీన్ అంటే నమ్మకస్తుడట. తాత ఉండి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

కూఫా కథ నన్ను కట్టిపడేసింది. ఒక్క ఊరికి ఖలీఫా ముగ్గురిని పంపాడు. ఒకడు అమీరు, నమాజు నడిపించడం, సైన్యం చూడటం ఆయన పని. ఇంకొకడికి ఖజానా, న్యాయం. మూడోవాడికి భూమి కొలత. ముగ్గురూ ఖలీఫాకే జవాబుదారీ. ఎందుకిట్లా అని బాపును అడిగాను. ఆయన అన్నం తింటున్నాడు, చెయ్యి కూడా ఆపలేదు. తమ కార్ఖానా గురించి చెప్పాడు. సేఠ్ సూరత్‌లో ఉంటాడు, కార్ఖానా జోల్వాలో. మెషీన్లకు ఒక మాస్టరు, నూలుకూ పుస్తకాలకూ ఒక మెహతా. మాస్టరు మెహతాను తీసెయ్యలేడు, మెహతా మాస్టరును తీసెయ్యలేడు. గేటు దగ్గర ఇంకొకడు ఉంటాడు, వాడికి వేరే పని లేదు, ఎవడెప్పుడు వచ్చాడో నేరుగా సేఠ్‌కు ఫోన్ చెయ్యడమే.

"మాస్టర్ చేతిల మెహతా గూడ ఉంటె, సేఠ్‌కు ఏం మిగుల్తది బిడ్డా?" అన్నాడు.

గేటు దగ్గరి మనిషి కూడా పుస్తకంలో ఉన్నాడు! బరీద్ అంటారు, టపా. గుర్రాల మీద ఉత్తరాలు మోసే ఏర్పాటు. తర్వాతి ఖలీఫా వంశమైన అబ్బాసీల కాలానికి ప్రతి రాష్ట్రంలో టపా అధికారి గవర్నరు గుట్టుమట్టులన్నీ నేరుగా ఖలీఫాకు రాసేవాడు.

అప్పుడు అమ్మ కలగజేసుకుంది. చీర మీద రాయి అంటిస్తూ తల ఎత్తకుండానే అన్నది.

"గంతేనా? కొమ్ములు పట్టుడు ఒకనిది, పాలు పిండుడు ఇంకొకనిది."

నేను చేతిలో ముద్ద కంచంలో వదిలేశాను. లేచి పోయి నోట్సు తెచ్చుకున్నాను. ఈజిప్టును గెలిచిన సేనాని గురించి రాసుకున్న పేజీ అది. మూడో ఖలీఫా ఆయన్ను సైన్యం మటుకు చూసుకో, శిస్తు ఇంకొకరు చూస్తారు అన్నాడట. అంటే ఆవు కొమ్ములు నేను పట్టుకుంటే పాలు ఇంకొకడు పిండుకుంటాడా, నాకొద్దు అని ఆయన కాదన్నాడట. పాత చరిత్రకారులు చెప్పుకున్న కథ. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి అరబ్బు సేనాని అన్న మాట, కంట్లో ఒత్తులు వేసుకుని రాళ్ళు అంటించుకునే మా అమ్మ నోట ఊడిపడింది. పేజీ చదివి వినిపించాను. అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆవును చూసినోడెవడైనా అదే అంటాడు అన్నది. ఇంకో రాయి అంటించి ఒక మాట కలిపింది.

"రెండు పనులు ఒక్కడే చేస్తె ఆవు వానిదే అయితది. ఖలీఫా గందుకే భయపడ్డడు."

అమ్మ అన్నట్టే జరిగింది కూడా. రెండు వందల ఏళ్ళ తర్వాత అదే ఈజిప్టుకు ఒక గవర్నరు వచ్చాడు. అక్కడున్న శిస్తు అధికారితో ఏళ్ళ తరబడి పోరాడి సాగనంపి, కొమ్ములూ పొదుగూ రెండూ తన చేతిలోకి తెచ్చుకున్నాడు. పేరుకు ఖలీఫా మనిషే. నడిపింది మాత్రం సొంత రాజ్యం, కొడుక్కు కూడా ఇచ్చిపోయాడు.

మిగిలింది పండితుల సంగతి. ఖలీఫా అంత బలవంతుడైతే చట్టం కూడా ఆయనే ఎందుకు రాసుకోలేదు? దీనికీ బాపే దారి చూపాడు, తనకు తెలియకుండానే. ఒకరోజు కొత్త బట్ట విషయంలో సేఠ్ వచ్చి ఏదో సలహా ఇచ్చాడట, ఇంటికొచ్చి గొణుక్కుంటున్నాడు.

"సేఠ్ నన్ను తీసెయ్యగలడు. కని తెగిన పోగు ఎట్ల అతకాల్నో నాకు చెప్పలేడు."

అది విని నేను గట్టిగా నవ్వాను. ఆయనకు కోపం వచ్చింది, నవ్వులాటగ ఉన్నదా అన్నాడు. కాదు బాపూ, నువ్వు నా పేపరు రాసేశావు అన్నాను. ఖలీఫా ఖాజీని పెట్టగలడు, తీసెయ్యగలడు. మొదట్లో రాష్ట్రాల్లో ఖాజీలను చాలాచోట్ల గవర్నర్లే పెట్టేవాళ్ళు, అబ్బాసీలు వచ్చాక ఆ పని రాజధాని చేతిలోకి తీసుకుని అందరిమీదా ఒక పెద్ద ఖాజీని కూడా పెట్టారు. కానీ ఆ ఖాజీ ఏ ధర్మాన్ని బట్టి తీర్పు చెప్పాలన్నది గురువుల దగ్గర చదువుకున్న పండితుల చేతిలో ఉంది. ఒక ఖలీఫా ఒక గొప్ప పండితుడి పుస్తకాన్ని రాజ్యమంతటికీ ఒకే చట్టంగా చేస్తానని అన్నాడట. ఆ పండితుడే వద్దన్నాడట, ఒక్కో ఊరికి ఒక్కో పరంపర చేరింది, జనాన్ని దానికే వదిలెయ్యి అని. తర్వాత ఇంకొక ఖలీఫా మతసిద్ధాంతం కూడా నేనే చెప్తానని పండితులను పిలిపించి పరీక్షలు పెట్టించాడు. చాలామంది తలవంచారు. ఒకాయన వంచలేదు, తర్వాతి ఖలీఫా హయాంలో కొరడా దెబ్బలు తిన్నాడు, అయినా మాట మార్చలేదు. చివరికి ఖలీఫాలే ఆ పరీక్షలు ఎత్తేశారు. ఏది ధర్మమో చెప్పే హక్కు పండితుల దగ్గరే ఉండిపోయింది.

పండితులదే గెలుపు అనుకోవడానికి కూడా లేదు. వాళ్ళకు సైన్యం లేదు, జైలు లేదు. తీర్పు అమలు కావాలంటే రాజు కావాలి. రాజుకూ తన పద్ధతులు ఉండేవి. అధికారుల మీద ఫిర్యాదులు వినే సొంత దర్బారు ఉండేది, తర్వాతి సుల్తానులు సొంత శాసనాలూ చేశారు. బాపు మాటలో చెప్పాలంటే పోగు అతికేది నేతగాడే, మగ్గం తిరగాలంటే కరెంటు సేఠ్‌ది.

మళ్ళీ ప్రకటన వచ్చింది, మళ్ళీ పిలిచారు. గదిలో నలుగురు, అందులో మళ్ళీ అదే తెల్ల మీసాలాయన. నన్ను గుర్తుపట్టాడు. పట్టి, అదే ప్రశ్న అడిగాడు. కావాలనే అడిగాడు, ఆ కళ్ళు చూస్తే తెలిసిపోయింది. ఈ గదిలోంచి ఎక్కడికి వెళ్తానో, రాళ్ళ పీట దగ్గరికా, క్లాసురూంకా అన్నది ఇప్పుడే తేలిపోతుంది.

ముందుగా పోయినసారి చెప్పిన జవాబు తప్పని చెప్పాను. ఫత్వా జారీ కాదు, అడిగితే ఇస్తారు, హుకుం ఖాజీది, ఖాజీ కుర్చీ రాజుది, కానీ ఖాజీ చేతిలోని ధర్మం రాజుది కాదు అన్నాను. అక్కడినుంచి నా నోరు ఆగలేదు. కూఫాకు పోయిన ముగ్గురు, పారసీ గుమాస్తాలు, టపా, కాదన్న పుస్తకం, కొరడా దెబ్బలు, అన్నీ వరసన వచ్చాయి. ఢిల్లీ సుల్తానులు కూడా తమకు తామే రాజులై ఉండి ఖలీఫా దగ్గరినుంచి ఆమోద పత్రం ఎందుకు తెప్పించుకున్నారో చెప్పాను. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. బాగానే చదివావు, కానీ ఇదంతా ఎక్కడో అరబ్బు దేశంలో, సూరత్ పిల్లలకు దీంతో ఏం పని అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే నేను ఏడాదిగా కాచుకుని ఉన్నాను!

"తాపీ నది ఒడ్డున కోట ఉంది కదా సార్," అన్నాను. "ఒకప్పుడు ఆ కోట కాపలాదారు ఈ ఊరి పాలకుడి మాట వినక్కరలేదు. ఎందుకో అక్కడికి తీసుకుపోయి చూపిస్తాను."

మొగలుల కాలంలో సూరత్ రేవునూ ఊరినీ చూసేది ముత్సద్ది అనే అధికారి, కోటను చూసేది కిలేదారు. ఇద్దర్నీ వేరువేరుగా పెట్టేది బాదుషానే, ఒకరి కింద ఒకరు కాదు. పైన సుబాలో, అంటే రాష్ట్రంలో కూడా అంతే, సైన్యం సుబేదారుది, శిస్తు దివాను అనే అధికారిది. వార్తలు రాసి నేరుగా దర్బారుకు పంపే వాకియానవీసు ఉన్నాడు, అంటే పాత టపా అధికారే వేషం మార్చుకుని వచ్చాడు. తీర్పులకు ఖాజీ ఉన్నాడు. కూఫాలో వేసిన ముడి తాపీ దాకా వచ్చింది. మొగలుల పట్టు సడలి ఊరూ కోటా ఒకే కుటుంబం చేతిలో పడేసరికి, సూరత్‌కు సొంత నవాబు తయారయ్యాడు. కొమ్ములూ పొదుగూ ఒకడికే దొరికితే ఆవు వాడిదే అవుతుంది సార్ అన్నాను.

పెద్దాయన మీసాల కింద నవ్వు మొదలైంది. పోయినసారి నవ్వు కాదు ఇది. ఈజిప్టు ఆవు కథ తెలుసు, ఈ రెండో సగం ఎవరు రాశారు అని అడిగాడు.

"రాయలేదు సార్, మా అమ్మ చెప్పింది. ఆమె చీరలకు రాళ్ళు అంటిస్తుంది."

ఆయన మళ్ళీ ప్రశ్న వెయ్యలేదు, పోయినసారి లాగే. కానీ ఈసారి పెన్ను తీసుకుని ఏదో రాశాడు. చాలాసేపు రాశాడు.

జాబితా కాలేజీ వెబ్‌సైటులో పెట్టిన రోజు నేను స్టాఫ్‌రూంలో ఉన్నాను. మొదటి పేరు నాదే. రెండుసార్లు చదివాను, మూడోసారి పక్కనున్న మేడంతో చదివించాను. వెంటనే ఇంటికి పరుగెత్తాను. చాచీ గల్లీ మొత్తానికి మిఠాయి పంచింది, తాను మాత్రం ముట్టలేదు పాపం. బాపు కార్ఖానాలో మెషీన్ల చప్పుడులో ఫోనులో ఏం విన్నాడో ఏమో, ఏంది, ఏంది అని నాలుగుసార్లు అరిపించి, అర్థమయ్యాక మగ్గం ఆపేశాడు. నేను ఏడ్చాను. గెలిచినప్పుడు ఏడవడంలో ఎంత హాయి ఉందో అప్పుడే తెలిసింది.

చేరే రోజు పొద్దున కాటన్ చీర కట్టుకుని తయారయ్యాను. అమ్మ లోపలినుంచి ఒక మెరిసే చీర తెచ్చింది. ఎర్రది, అంచు నిండా రాళ్ళు, అన్నీ తన చేత్తో అంటించినవే. నెల రోజులుగా మా ఎవరికీ కనపడకుండా చేసిందట. క్లాసుకు ఇది కట్టుకుపోతే పిల్లలు పాఠం వింటారా, చీర చూస్తారా అన్నాను. వేడుకకు కట్టుకుంటాలే అని బతిమాలాను. బాపు నా పక్షం తీసుకోబోయి, మీ అమ్మ మాట ఫత్వానే కదా, వినకున్నా నడుస్తది అన్నాడు.

అమ్మ చీర మడత విప్పి నా భుజం మీద వేసింది.

"ఇది ఫత్వా గాదు బిడ్డా. హుకుం."

ఆ చీరతోనే పోయాను. మొదటి క్లాసులో బోర్డు మీద మొదట రాసింది ఆ రెండు మాటలే.